మెరోపెనమ్ మొదలుపెట్టాక మూడో రోజు ఏం చెయ్యాలి? యాంటీబయాటిక్ స్టీవార్డ్‌షిప్ గురించి ఒక సమాధానం

ప్రశ్న: నేను ఫార్మ్‌-డి ఐదో సంవత్సరం. మా వార్డులో జ్వరం, టీసీ ఎక్కువ ఉంటే చాలు మొదటి రోజే మెరోపెనమ్ పెట్టేస్తున్నారు. అన్నిటినీ చంపే మందు ముందే ఇచ్చేస్తే పేషెంట్‌కి సేఫే కదా? క్రిములన్నీ చచ్చిపోతే ఇక రెసిస్టెన్స్ ఎక్కడినుంచి వస్తుంది? స్టీవార్డ్‌షిప్ అంటే తక్కువ మందులు వాడమనడమేనా? సీనియర్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

---

సేఫ్ కాదండి. బీపీ పడిపోతూ, మనిషి మగతగా ఉండి వచ్చిన పేషెంట్‌కి మొదటి డోసే గట్టి మందు ఇవ్వడం సరైన పనే, స్టీవార్డ్‌షిప్, అంటే యాంటీబయాటిక్‌ని సరైన పేషెంట్‌కి సరైన మందుగా సరైన రోజులే వాడే పద్ధతి, దాన్ని ఎక్కడా వద్దనదు. పొరపాట్లు జరిగేది దాని చుట్టూ: కల్చర్ తీయకుండా మందు ఎక్కించడం, రిపోర్టు వచ్చాక కూడా అదే మందు సాగదీయడం, ఆపాల్సిన రోజున ఆపకపోవడం. ఇక రెసిస్టెన్స్ ఎక్కడినుంచి వస్తుందంటే, ఎక్కువ భాగం జబ్బు చేసిన చోటినుంచి కాదు, అదే పేషెంట్ పేగుల్లోంచి. ఈ ఒక్క విషయం పట్టుబడితే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది, అందుకే ముందు దాని గురించే కొంచెం వివరంగా చెప్తాను. నేను టీచింగ్ హాస్పిటల్లో మైక్రోబయాలజిస్టుని, కల్చర్ రిపోర్టులు ఇవ్వడం, వార్డు రౌండ్లలో వాటి మీద మాట్లాడటం రెండూ నా పనే.

మందు జబ్బు ఉన్న చోటికే వెళ్లదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని సెఫ్ట్రయాక్సోన్ ఇచ్చారనుకోండి. అందులో కొంత మూత్రంలో పోతుంది, మిగతాది చెక్కుచెదరకుండా పైత్యరసంతో కలిసి పేగుల్లోకి దిగుతుంది. మన పేగుల్లో లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఆక్సిజన్ లేకుండా బతికే మంచి రకాలు, ఈ.కొలై, క్లెబ్సియెల్లా లాంటివి కొద్దిగానే ఉంటాయి. ఆ కొద్దిలో సెఫ్ట్రయాక్సోన్‌ని నరికేసే ఎంజైము ఉన్నవి ఇంకా కొన్నే, కానీ మన దేశంలో ఏ జబ్బూ లేని మనుషుల్లో కూడా అవి తరచుగా దొరుకుతాయి. మామూలు రోజుల్లో వాటికి చోటూ దొరకదు, తిండీ దొరకదు, పక్కనున్నవి పెరగనివ్వవు. మందు పడగానే ఆ పక్కనున్నవి చాలావరకు పోతాయి. పొలంలో కలుపు మందు కొడితే మిగతా గడ్డంతా మాడిపోయి, ఆ మందుకి చావని తుంగ ఒక్కటే మడంతా పరుచుకున్నట్టు, కొన్ని రోజుల్లో ఆ ఎంజైము ఉన్నవే అక్కడ నిండిపోతాయి.

కాబట్టి మందు రెసిస్టెన్స్‌ని "పుట్టిస్తుంది" అని కాకుండా, ఉన్నదాన్ని ఏరి పెంచుతుంది అని అర్థం చేసుకోండి. మీ ప్రశ్నలో "క్రిములన్నీ చచ్చిపోతే" అన్నారు. అన్నీ ఎప్పుడూ చావవు. మందు ఎన్ని రకాల్ని ఎక్కువ చంపితే, మిగిలినవాటికి అంత ఎక్కువ ఖాళీ దొరుకుతుంది. పరిధి తక్కువ ఉన్న మందు కన్నా పరిధి ఎక్కువ ఉన్నది ఈ విషయంలో ఎక్కువ చేటు చేసేది ఇందుకే. క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ విరేచనాలు కూడా ఈ ఖాళీలోంచే వస్తాయి.

ఆ పెరిగినవి ఊరుకోవు. ఈ ఎంజైము తాలూకు జీన్ చాలాసార్లు ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ ముక్క మీద ఉంటుంది, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి, ఈ.కొలై నుంచి క్లెబ్సియెల్లాకి కూడా, చేతులు మారిపోగలదు. పైగా అదే ప్లాస్మిడ్ మీద సిప్రోఫ్లాక్సాసిన్‌ని, జెంటామైసిన్‌ని తట్టుకునే జీన్లు కూడా కలిసి కూర్చుని ఉంటాయి. అందువల్ల మీరు సిప్రో మాత్రమే వాడినా సెఫ్ట్రయాక్సోన్ రెసిస్టెన్స్ కూడా దాంతోపాటే పెరుగుతుంది. "ఈ మందు ఆపేసి ఆ మందు వాడితే సరిపోతుంది" అనే లెక్క వార్డుల్లో తప్పడానికి ఇదొక కారణం.

ఇప్పుడు మెట్లు చూడండి. మూడో తరం సెఫలోస్పోరిన్లు విచ్చలవిడిగా వాడాం, ఈఎస్‌బీఎల్ అనే ఎంజైములున్న బ్యాక్టీరియా పెరిగాయి. వాటిలో ఇవాళ ప్రపంచమంతా ఎక్కువగా కనిపించే సీటీఎక్స్-ఎమ్-15 రకాన్ని మొదట గుర్తించింది ఢిల్లీ నుంచి తీసిన నమూనాల్లోనే, 2001లో ఆ పేపర్ వచ్చింది. ఈఎస్‌బీఎల్‌కి లొంగని మందు కాబట్టి మెరోపెనమ్, ఇమిపెనెమ్ వాడకం పెరిగింది. అప్పుడు వాటిని కూడా నరికే ఎంజైములు పైకొచ్చాయి. వాటిలో ఒకటైన ఎన్‌డీఎమ్-1ని 2009లో వర్ణించారు, ఢిల్లీలో వైద్యం చేయించుకుని స్వీడన్ తిరిగి వెళ్లిన ఒక పేషెంట్ క్లెబ్సియెల్లాలో అది దొరికింది. ఇక ఆ తర్వాత మెట్టు కొలిస్టిన్, కిడ్నీలని దెబ్బతీస్తుందని డాక్టర్లు ఎప్పుడో పక్కన పెట్టేసిన పాత మందు. దాన్నే మళ్లీ బయటికి తీసి ఐసీయూల్లో వాడాల్సి వచ్చింది. కోళ్ల మేతలో కూడా కొలిస్టిన్ కలిపేవాళ్లు, 2019లో కేంద్రం పశువులకి, కోళ్లకి దాని వాడకాన్ని నిషేధించింది.

ఇది ప్లేటు మీద ఎలా కనిపిస్తుందో ఒకసారి మీ కాలేజీ ల్యాబ్‌కి వెళ్లి చూడండి, పుస్తకంలో చదివినదానికన్నా బాగా గుర్తుంటుంది. ముల్లర్-హింటన్ అగర్ మీద బ్యాక్టీరియాని సమంగా పరిచి, మందు డిస్కులు పెట్టి, 35 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతాం. పొద్దున్నకి మందు పనిచేసిన చోట డిస్కు చుట్టూ గుండ్రంగా ఖాళీ ఉంటుంది. ఈ.కొలైకి సెఫ్ట్రయాక్సోన్ చుట్టూ ఆ ఖాళీ 23 మిల్లీమీటర్లో ఆ పైనో ఉంటే పనిచేస్తుందని, 19 లేదా ఆ లోపు ఉంటే చెయ్యదని లెక్క. ఈఎస్‌బీఎల్ ఉన్నదైతే ఆ ఖాళీ చిన్నగా ఉంటుంది, కానీ పక్కనే క్లావ్యులనిక్ యాసిడ్ ఉన్న డిస్కు పెడితే, ఆ డిస్కు వైపు మాత్రం ఖాళీ సాగి తాళంచెవి కన్నంలా తయారవుతుంది. క్లావ్యులనిక్ యాసిడ్ ఎంజైముని అడ్డుకుంది కాబట్టి ఆ వైపు సెఫలోస్పోరిన్ మళ్లీ పనిచేసిందన్నమాట.

సరే, ఒక కేసు తీసుకుందాం. వివరాలు కొంచెం మార్చి చెప్తున్నాను.

అరవై దాటిన పెద్దావిడ, షుగరు ఉంది, బీపీకి టెల్మిసార్టాన్ వేసుకుంటారు. మూడు రోజులుగా చలి జ్వరం, కుడివైపు నడుం పైభాగంలో నొప్పి, వాంతులు. పల్స్ 118, బీపీ 96/60, మాట కాస్త తడబడుతోంది. కూతుర్ని అడిగితే నెల క్రితం మూత్రంలో మంట అని ఊళ్లో ఐదు రోజులు "పవర్ ఇంజక్షన్" చేయించామని చెప్పింది, చీటీ చూస్తే సెఫ్ట్రయాక్సోన్. ఈ ఒక్క వాక్యం కేసు షీట్‌లో రాసి ఉండటం ఎంత ముఖ్యమో చూడండి. గత మూడు నెలల్లో ఏ యాంటీబయాటిక్ పడిందో, హాస్పిటల్లో ఉన్నారో లేదో, పాత కల్చర్ రిపోర్టు ఏమైనా ఉందో అడగడం ఫార్మ్‌-డి విద్యార్థి చేయగలిగిన పనుల్లో అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే రౌండ్స్ హడావిడిలో ఎవరూ అడగరు.

ఈవిడకి మెరోపెనమ్ మొదలుపెట్టడం సమంజసమే. సెప్సిస్‌లో ఉన్నారు, కిందటి నెలే సెఫ్ట్రయాక్సోన్ పడింది, ఈఎస్‌బీఎల్ ఉండే అవకాశం ఎక్కువ, గురి తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. కానీ మొదటి డోస్ కన్నా ముందు రెండు చేతుల నుంచి రెండు సెట్ల బ్లడ్ కల్చర్, ఒక యూరిన్ కల్చర్ తీశారు. ఒక్కో బాటిల్‌కి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం, రెండు మూడు మిల్లీలీటర్లు పోసి పంపితే బ్యాక్టీరియా ఉన్నా పెరగకపోవచ్చు. దీనికి పట్టేది పది నిమిషాలు. షాక్‌లో ఉన్న పేషెంట్‌కి గంటలోపు మందు పడాలి, కల్చర్ తీయడం దానికేమీ అడ్డం రాదు. ముందు మందు ఎక్కించి, మర్నాడు గుర్తొచ్చి కల్చర్ పంపితే చాలాసార్లు "నో గ్రోత్" వస్తుంది. అప్పుడిక మందు తగ్గించడానికి ఎవరికీ ధైర్యం చాలదు, మెరోపెనమ్ పద్నాలుగు రోజులు నడుస్తుంది. అనవసరంగా సాగిన కోర్సులు చాలావరకు ఇలా మొదటి గంటలోనే మొదలవుతాయి.

రెండో రోజు బ్లడ్ కల్చర్ బాటిల్ పాజిటివ్ అయింది, గ్రామ్ స్టెయిన్‌లో ఎర్రగా చిన్న కడ్డీలు, వెంటనే వార్డుకి ఫోన్ చేశాం. మూడో రోజు రిపోర్టు: రక్తంలోనూ మూత్రంలోనూ ఈ.కొలై. రిపోర్టులో ఎస్ అంటే మందు పనిచేస్తుందని, ఆర్ అంటే చెయ్యదని. సెఫ్ట్రయాక్సోన్ ఆర్, సిప్రోఫ్లాక్సాసిన్ ఆర్, కోట్రైమాక్సజోల్ ఎస్, అమికాసిన్ ఎస్, నైట్రోఫ్యూరంటోయిన్ ఎస్, మెరోపెనమ్ ఎస్. ఆవిడకి జ్వరం తగ్గింది, బీపీ నిలబడింది, ఇడ్లీ తింటున్నారు. అల్ట్రాసౌండ్‌లో చీము గడ్డ లేదు, రాయి అడ్డుపడలేదు, కిడ్నీ వాపు లేదు.

ఇక్కడే వార్డు రెండుగా చీలుతుంది. "పనిచేస్తోంది కదా, ఎందుకు కదిలించడం, అదే నడవనీ" అనేది ఒక దారి. రెండో దారి, రిపోర్టు చేతిలో పెట్టుకుని, ఈ పేషెంట్‌కి ఈ చోట పనిచేసే అతి తక్కువ పరిధి ఉన్న మందు ఏది అని అడగడం. రిపోర్టులో ఎస్ ఉన్నదల్లా సమాధానం కాదు. నైట్రోఫ్యూరంటోయిన్ ఎస్ అని చూసి అది రాయబోయే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అది మూత్రాశయంలో మాత్రమే సరిపడా చేరుతుంది, కిడ్నీ కణజాలంలోకి గానీ రక్తంలోకి గానీ పనిచేసేంత చేరదు. రక్తంలో బ్యాక్టీరియా ఉన్న ఈవిడకి అది పనికిరాదు. అమికాసిన్ పనిచేస్తుంది, కానీ ఈ వయసులో, షుగరున్న కిడ్నీలకి అవసరం లేనప్పుడు ఎందుకు? మిగిలింది కోట్రైమాక్సజోల్. నోటి ద్వారా వేసినా ఒంటికి బాగా పడుతుంది, కిడ్నీలోనూ చేరుతుంది, ఈఎస్‌బీఎల్ ఉన్నా లేకపోయినా దానికి సంబంధం లేదు.

అయితే టెల్మిసార్టాన్ వేసుకునే మనిషికి కోట్రైమాక్సజోల్ ఇస్తే పొటాషియం పెరగొచ్చు, ప్రమాదకరంగానే పెరగొచ్చు. ఇది పట్టుకున్నది ఒక ఫార్మ్‌-డి ఇంటర్న్. పొటాషియం, క్రియాటినిన్ చూసి, టెల్మిసార్టాన్ కొన్నాళ్లు ఆపి వేరే బీపీ మాత్ర ఇచ్చి, డోస్ బరువుకీ కిడ్నీకీ తగ్గట్టు లెక్కేసి, రెండు రోజుల తర్వాత మళ్లీ పొటాషియం చూడాలని షీట్‌లో రాశారు. మూడు రోజుల మెరోపెనమ్, నాలుగు రోజుల మాత్రలు, మొత్తం ఏడు రోజులు. ఐదో రోజు ఇంటికి వెళ్లిపోయారు. చేతికి క్యాన్యులా తీసేశారు కాబట్టి దాని ద్వారా వచ్చే ఇన్ఫెక్షన్ల బెడద కూడా పోయింది.

"ఏడు రోజులే చాలా? కోర్సు పూర్తి చేయకపోతేనే రెసిస్టెన్స్ వస్తుందని చదివాం కదా" అని మీరు అడుగుతారని తెలుసు. టీబీ విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. ఇలాంటి మామూలు ఇన్ఫెక్షన్లలో కాదు, ఇక్కడ రోజులు పెరిగేకొద్దీ పేగుల మీద ఒత్తిడే పెరుగుతుంది. 2024లో ప్రచురించిన బ్యాలెన్స్ ట్రయల్‌లో రక్తంలో బ్యాక్టీరియా ఉన్న 3,600 మందికి పైగా పేషెంట్లని ఏడు రోజులు, పద్నాలుగు రోజులు అని రెండు గుంపులు చేసి చూశారు. మరణాల విషయంలో ఏడు రోజులు ఏమీ తీసిపోలేదు. స్టాఫిలోకాకస్ ఆరియస్ ఉన్నవాళ్లని, గుండె కవాటాలకి ఇన్ఫెక్షన్ లాంటివి ఉన్నవాళ్లని అందులో చేర్చలేదు, వాళ్లకి ఎక్కువ రోజులే కావాలి. చీము తీయకుండా వదిలేసిన చోట కూడా ఈ లెక్క పనిచేయదు. పేషెంట్లు తమంతట తామే మధ్యలో ఆపేయమని కాదు నేను చెప్పేది, డాక్టరు రాసేటప్పుడే సరైన రోజులు రాయాలి అని.

మెరోపెనమ్ "అన్నిటినీ" చంపదు. మన ప్రాంతంలో దీనికి సరైన ఉదాహరణ స్క్రబ్ టైఫస్. వానాకాలం, చలికాలం మొదట్లో, పొలం పనులు చేసేవాళ్లకి, పొదలూ గడ్డీ ఉన్న చోట తిరిగేవాళ్లకి వారం రోజుల జ్వరం, ప్లేట్‌లెట్లు తగ్గడం, లివర్ ఎంజైములు పెరగడం, ఆయాసం. చంకలోనో గజ్జల్లోనో చిన్న నల్లటి పొక్కు ఉంటుంది, సిగరెట్ కాల్చినట్టు, బట్టలు తీసి చూస్తే తప్ప కనిపించదు. ఆ క్రిమి మన కణాల లోపల బతుకుతుంది, మెరోపెనమ్ గానీ, పిప్‌టాజ్ అని పిలిచే పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ గానీ ఎన్ని రోజులిచ్చినా దానికి ఏమీ కాదు. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఇస్తే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఖరీదైన మందు పెట్టాం కదా అనే ధీమాతో ఆ పొక్కు వెతకడం మానేస్తే మనిషి వెంటిలేటర్ దాకా వెళ్తాడు. అందుకే సేఫ్ కాదన్నాను.

ఇక తక్కువ మందు వాడమనడమేనా అన్నారు కదా, కాదు. కొన్నిసార్లు స్టీవార్డ్‌షిప్ టీమే మెరోపెనమ్ పెట్టమంటుంది. సెఫ్ట్రయాక్సోన్‌కి లొంగని ఈ.కొలై, క్లెబ్సియెల్లా రక్తంలో ఉన్నప్పుడు, మెరోపెనమ్ తరగతి మందులైన కార్బపెనెమ్‌లని కాపాడుకోవడానికి పిప్‌టాజ్ వాడొచ్చేమో అని 2018లో వచ్చిన మెరినో ట్రయల్‌లో పరీక్షించారు. ముప్పై రోజుల్లో మరణాలు పిప్‌టాజ్ వాడినవాళ్లలో 12.3 శాతం, మెరోపెనమ్ వాడినవాళ్లలో 3.7 శాతం. అంటే ఇలాంటి పేషెంట్‌కి ల్యాబ్ రిపోర్టులో పిప్‌టాజ్ ఎస్ అని ఉన్నా మొదట్లో దానికి మార్చకూడదు. పైన చెప్పిన ఆవిడకి మేం మార్చింది కోలుకున్నాక, వేరే తరగతి మందుకి, గడ్డ లేదని చూసుకున్నాక. ఈ తేడా పరీక్షలో కూడా అడుగుతారు.

అలాగే అసలు మందే అక్కర్లేని చోట్లు గుర్తుపట్టడం. క్యాథెటర్ ఉన్న పేషెంట్, జ్వరం లేదు, నొప్పి లేదు, ఎవరో యూరిన్ బ్యాగు లోంచి నమూనా తీసి కల్చర్‌కి పంపారు, క్లెబ్సియెల్లా వచ్చింది, మెరోపెనమ్ ఆర్. వెంటనే కొలిస్టిన్ రాసేస్తారు. కొన్ని రోజులు క్యాథెటర్ ఉన్నాక మూత్రంలో బ్యాక్టీరియా చేరడం మామూలే, బ్యాగులో అయితే మరీను. లక్షణాలు లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా ఉంటే, గర్భిణులకి, మూత్రనాళంలో రక్తం వచ్చేలాంటి ఆపరేషన్‌కి ముందు తప్ప మామూలుగా వైద్యం అక్కర్లేదు. అక్కర్లేని క్యాథెటర్ తీసేయడమే అక్కడ వైద్యం. డెంగీ ఎన్ఎస్1 పాజిటివ్ వచ్చాక కూడా "కవరేజీకి" అని సెఫ్ట్రయాక్సోన్ కొనసాగించడం, మెరోపెనమ్‌తో పాటు మెట్రోనిడజోల్ కూడా ఎక్కించడం ఇలాంటివే. మెరోపెనమ్ ఆక్సిజన్ లేకుండా బతికే బ్యాక్టీరియాని తనే చూసుకుంటుంది, సీ.డిఫిసిల్ లాంటి వేరే కారణం ఉంటే తప్ప మెట్రోనిడజోల్‌కి అక్కడ పనిలేదు.

కల్చర్ సౌకర్యం లేని చిన్న హాస్పిటల్లో ఇదంతా ఎలా కుదురుతుందని అడగొచ్చు. మొత్తం కుదరదు. కానీ అక్కడ కూడా మూడో రోజు ఆగి, జ్వరానికి వేరే కారణం తేలిందా, పేషెంట్ మాత్రలు మింగగలుగుతున్నారా, ఆపే తేదీ రాశామా అని చూసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్స్‌ని యాక్సెస్, వాచ్, రిజర్వ్ అని మూడు గుంపులు చేసింది. సెఫ్ట్రయాక్సోన్, అజిత్రోమైసిన్, మెరోపెనమ్ వాచ్‌లో ఉన్నాయి, కొలిస్టిన్ రిజర్వ్‌లో. చీటీ మీద వాచ్ మందు కనిపించినప్పుడల్లా యాక్సెస్‌లో ఉన్న అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్, కోట్రైమాక్సజోల్ లాంటిది సరిపోయేదా అని ఆలోచించడం అలవాటు చేసుకోండి.

చివరగా, విద్యార్థిగా మీరు ఇది ఎలా అడగాలి అనేది. "మేడమ్, మెరోపెనమ్ ఎందుకు ఆపలేదు?" అని రౌండ్స్‌లో అందరి ముందూ అడిగితే ఎవరికైనా కోపమొస్తుంది. రౌండ్స్ మొదలవ్వక ముందే పీజీ దగ్గరికి వెళ్లి, "నాలుగో బెడ్ పేషెంట్‌కి ఇవాళ మెరోపెనమ్ మూడో రోజు, బ్లడ్ కల్చర్లో కోట్రైమాక్సజోల్ ఎస్ వచ్చింది, నిన్న పొద్దుటి నుంచి జ్వరం లేదు, పొటాషియం 4.2, టెల్మిసార్టాన్ మీద ఉన్నారు, మాత్రలకి మార్చే వీలుందేమో చూస్తారా?" అని అడగండి. వివరాలన్నీ సిద్ధంగా ఉంటే మార్చడానికి వాళ్లకి ఒక్క నిమిషం చాలు. మార్చకపోతే కారణం అడిగి తెలుసుకోండి, చాలాసార్లు మీకు తెలియని గట్టి కారణమే ఉంటుంది.